మిర్చి వీడియోలకు తెలుగు క్యాప్షన్లు: సబ్‌టైటిల్ ఎడిట్‌ను కొన్నేళ్లు వాడాక

గుంటూరు వైపు మిర్చి రైతుల కోసం తీసే వీడియోలకు క్యాప్షన్లు రాస్తుంటాను. మా వీడియోలు చూసేవాళ్లలో చెవి వినపడనివాళ్లు కొందరు. ఎక్కువ మంది మాత్రం బస్సులోనో, పక్కన ఎవరో నిద్రపోతుంటేనో సౌండు తీసేసి, పైగా స్పీడు 1.5కి పెట్టి చూసేవాళ్లు. ఈ పనికి కొన్నేళ్లుగా సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత ప్రోగ్రామే వాడుతున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను: టైమింగ్ పెట్టుకోవడానికి దీన్ని మించింది నాకు అక్కర్లేదు. కానీ లైను ఎక్కడ విరవాలి, తెరమీద ఎంతసేపు ఉంచాలి అన్న రెండు నిర్ణయాలు దానికి వదిలేస్తే తెలుగు చదవలేరు.

టైమింగ్ సంగతి ఎందుకు బాగుందంటే, కింద ఆడియో అలల బొమ్మ కనిపిస్తుంది. మాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో చెవితో పాటు కంటికీ తెలుస్తుంది. మాట మొదలైన చోట క్యాప్షన్ మొదలుపెట్టి, మాట ఆగాక వచ్చే ఖాళీలోకి చివరను కాస్త లాగుతాను. మన వాళ్లు గబగబా మాట్లాడినా వాక్యం అయ్యాక ఊపిరి తీసుకుంటారు కదా, ఆ అర సెకను చదివేవాడికి ఇచ్చేస్తాను. ఒక క్యాప్షన్‌కీ తర్వాతదానికీ మధ్య రెండు ఫ్రేముల ఎడం ఉంచుతాను. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో అది 80 మిల్లీసెకన్లు. ఆ చిన్న ఎడం లేకపోతే పాత క్యాప్షన్ మారి కొత్తది వచ్చిందని కన్ను పసిగట్టదు, ముఖ్యంగా రెండూ ఒకే పొడవున్నప్పుడు.

ఇక లెక్క దగ్గరికి వద్దాం. క్యాప్షన్ ప్రోగ్రాములు చాలావరకు సెకనుకు ఎన్ని క్యారెక్టర్లు అన్న కొలత చూపిస్తాయి. అది హద్దు దాటితే వరస ఎర్రబడుతుంది. ఇంగ్లీషుకు ఇది సరిపోతుంది. తెలుగులో క్యారెక్టర్ అంటే ఏది? స్త్రీ అన్నది కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్ లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు. ఒక టూల్ ఆరు అంటుంది, గుణింతాన్నీ పొల్లునూ హల్లుతో కలిపి లెక్కేసే టూల్ మూడంటుంది. రాష్ట్రం అని రాస్తే ఎనిమిది కోడ్లు, వరద అని రాస్తే మూడు. రెండోదానికంటే మొదటిది చదవడానికి రెండున్నర రెట్లు టైం పడుతుందని ఏ తెలుగువాడూ ఒప్పుకోడు. అందుకని ఒత్తులు ఎక్కువున్న వాక్యం ఊరికే ఎర్రబడుతుంది, ఒత్తుల్లేని పొడుగు వాక్యం నిజంగా బరువైనా ఎర్రబడకుండానే ఉండిపోతుంది.

నేను అక్షరాలు లెక్కేస్తాను. వేళ్ల మీద చేసే పనే, కానీ పెద్ద ఫైలుకు ఈ చిన్న పైథాన్ ముక్క వాడతాను:

```python
import re
def aksharalu(s):
    return len(re.findall(r'[అ-ఔ]|(?:[క-హ]్)*[క-హ]', s))
```

అచ్చు ఒకటి, హల్లు ఒకటి, ఒత్తులతో కలిసిన హల్లు కూడా ఒకటే. సున్నా, గుణింతాలు విడిగా లెక్కలోకి రావు. అంకెలను ఇది వదిలేస్తుంది. దానివల్ల నాకు ఇబ్బంది లేదు, లీటరుకు 2 మి.లీ. అని అంకెల్లో వేస్తే కన్ను ఒక్క చూపులో పట్టేస్తుంది.

నా వీడియోలకు నేను పెట్టుకున్న కొలత: సెకనుకు ఆరేడు అక్షరాలైతే హాయిగా చదువుతారు, ఎనిమిది అంచు, తొమ్మిది దాటితే బొమ్మ చూడ్డం మానేసి అక్షరాల వెంట పరుగెత్తుతారు. ఇది ఎక్కడా అచ్చైన ప్రమాణం కాదు. మా ఇంట్లోవాళ్లను, ఫీల్డులో రైతులను కూర్చోబెట్టి చూపించి పట్టుకున్నది. స్పీడు 1.5కి పెడితే క్యాప్షన్ కూడా అంతే వేగంగా పోతుందని మరిచిపోకూడదు. మామూలు స్పీడులో సెకనుకు ఆరు అక్షరాలంటే వాళ్ల ఫోన్లో తొమ్మిది. అందుకే ముఖ్యమైన సలహా ఉన్న క్యాప్షన్లను మామూలు స్పీడులో సెకనుకు ఐదు అక్షరాల దగ్గర ఆపుతాను.

ఒక వరస మొత్తం చేసి చూపిస్తాను. ఆకుముడత గురించి వీడియోలో మాట్లాడినాయన అన్న మాట ఇది: "అంటే ఇప్పుడు తామర పురుగు ఉంటే ఆకు పైకి ముడుచుకుంటుంది కదండీ, అదే నల్లి ఉంటే కిందికి ముడుచుకుంటుందన్నమాట." ఐదు సెకన్లలో చెప్పేశారు. ఇందులో 44 అక్షరాలున్నాయి, అంటే సెకనుకు 8.8. ఉన్నది ఉన్నట్టు దించితే మామూలు స్పీడులోనే అంచు దాటేసింది. 1.5లో 13 దాటుతుంది, అక్కడ ఎవరూ చదవరు.

మొదట తీసేసేవి "అంటే", "ఇప్పుడు", "కదండీ", "అదే", "అన్నమాట". ఇవి నోటికి ఊపిరి, కంటికి బరువు. (వినపడనివాళ్ల కోసం రాసేటప్పుడు మాత్రం కదండీ లాంటిది అన్నిచోట్లా తీసెయ్యను. ఎదుటివాడిని దెప్పుతున్నాడా, బతిమాలుతున్నాడా అన్నది కొన్నిసార్లు ఆ ఒక్క మాటలోనే ఉంటుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు.) తర్వాత రెండుసార్లు వచ్చిన ముడుచుకుంటుంది ఒక్కసారికి తగ్గించాను. క్రియ చివర ఒకటి ఉంటే రెండు ముక్కలకూ సరిపోవడం తెలుగుకు అలవాటే. మిగిలింది ఇది:

```
14
00:01:12,000 --> 00:01:17,000
తామర పురుగు ఉంటే ఆకు పైకి,
నల్లి ఉంటే కిందికి ముడుచుకుంటుంది.
```

పై లైను 12 అక్షరాలు, కింది లైను 13. ఐదు సెకన్లకు 25, సెకనుకు ఐదు. 1.5 స్పీడులో 7.5, అంచులోపలే. దీన్ని రెండు క్యాప్షన్లు చెయ్యొచ్చు కదా అని మా ఎడిటర్ అడిగాడు, ఎందుకంటే బొమ్మలో ముందు ఒక ఆకు, తర్వాత ఇంకో ఆకు చూపిస్తారు. మొదటి ముక్కకు 2.6 సెకన్లు, రెండోదానికి 2.4 వచ్చాయి. రెండింటికీ క్రియ విడివిడిగా పెట్టాలి కాబట్టి మొదటిది 18 అక్షరాలైంది, ఫాస్ట్‌గా చూసేవాడికి సెకనుకు 10.4. పైగా ఇక్కడ రైతుకు కావలసింది పోలిక. తామర పురుగుకూ నల్లికీ కొట్టే మందులు వేరు. రెండు లైన్లూ ఒకేసారి కళ్లముందు ఉంటేనే పైకి, కిందికి తేడా నిలుస్తుంది. అందుకని ఒక్కటిగానే ఉంచాను.

ఇప్పుడు ఇదే వాక్యాన్ని ప్రోగ్రాంలో ఉన్న `Auto br` బటన్‌కు వదిలితే ఏమవుతుందో చెప్తాను. అది ప్రధానంగా పొడవు చూసి రెండు లైన్లూ దాదాపు సమంగా వచ్చేలా విరుస్తుంది. కామా ఉన్నచోట బాగానే వస్తుంది. కామా లేకుండా రాశారా, "తామర పురుగు ఉంటే ఆకు పైకి నల్లి" అని పైన, "ఉంటే కిందికి ముడుచుకుంటుంది" అని కింద రావచ్చు. పై లైను ఒక్కటే చదివి వదిలేసేవాడికి నల్లి కూడా పైముడత ఖాతాలో పడిపోతుంది. తప్పుడు మందు కొనడానికి అది చాలు. ఆ బటన్‌కు తెలుగు వాక్యం అతుకులు తెలియవు, తెలియాలని అనుకోవడమూ అన్యాయమే. చేత్తో విరవాల్సిందే.

చేత్తో విరిచేటప్పుడు నేను ఆగే చోట్లు కొన్నే. ఉంటే, వస్తే లాంటి తే తర్వాత. చూసి, కడిగి లాంటివాటి తర్వాత. "అని" తర్వాత. విరవనివి ఇంకా ముఖ్యం. నాటిన, కుళ్లిన, ఎర్రటి లాంటి విశేషణాలను వాటి వెనకున్న పేరు నుంచి విడదియ్యను. ఇరవై రోజులు, మొక్క మీద, ఆకు కింద లాంటివి ఒకే లైనులో ఉండాలి. కొట్టి చూడండి, తీసి పారెయ్యండి అన్న జంట క్రియలను విడదీస్తే మొదటి లైను చివర కొట్టి అని వేలాడుతుంది, చదివేవాడి కన్ను ఆగిపోతుంది.

అన్నింటికంటే ప్రమాదం, మన భాషలో కాదు, లేదు, వద్దు అన్నవి చివర రావడం. "పూత దశలో ఘాటైన మందులు కొట్టండి అని నేనైతే అస్సలు చెప్పనండీ" అన్నారనుకోండి. దీన్ని "అని" దగ్గర రెండు క్యాప్షన్లు చేస్తే, రెండు సెకన్లపాటు తెరమీద ఉండేది మందులు కొట్టండి అన్న సలహా. ఫాస్ట్‌గా చూసేవాడు అంతలో స్క్రీన్‌షాట్ తీసుకున్నా ఆశ్చర్యం లేదు. కాదు అన్న మాట దేన్ని కొట్టేస్తుందో దానితో పాటే తెరమీద ఉండాలి. నేను ఇలా మార్చాను:

```
పూత దశలో ఘాటైన మందులు
కొట్టమని నేను చెప్పను.
```

ఇరవై అక్షరాలు, నాలుగు సెకన్లు. కొట్టండి అన్న ఆజ్ఞ కొట్టమని అయ్యాక పై లైను ఒక్కటే చూసినా తప్పు సలహాగా చదవలేరు. వాక్యం మరీ పొడుగై ఒక క్యాప్షన్‌లో పట్టకపోతే వద్దు అన్నదాన్ని ముందుకు తెస్తాను: "కొట్టొద్దు, పూత దశలో మాత్రం." నోటి మాటలో మనం ఎలాగూ ఇలా తిప్పి చెప్తూనే ఉంటాం, ఎవరికీ వింతగా అనిపించదు.

ఇక అక్షరాల రూపం. ఫైలును UTF-8లో సేవ్ చెయ్యాలి, ANSIలో చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, మళ్లీ వెనక్కి రాదు. యూట్యూబ్‌కు విడి ఫైలుగా ఇస్తే ఫాంటు చూసేవాళ్ల ఫోనుది, మన చేతిలో లేదు. అందుకే లైనుకు 18 అక్షరాలు దాటనివ్వను. దాటితే కొన్ని ఫోన్లలో రెండు లైన్లు మూడవుతాయి, నేను జాగ్రత్తగా విరిచిన చోటు పోయి ఫోనుకు నచ్చిన చోట విరుగుతుంది. వాట్సాప్‌లో తిరిగే చిన్న వీడియోలకు క్యాప్షన్లను బొమ్మలోనే అచ్చేస్తాను:

```
ffmpeg -i mirchi.mp4 -vf "subtitles=te.srt:force_style='FontName=Mandali,FontSize=22'" out.mp4
```

మండలి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఒత్తుల లోపలి ఖాళీలు పూడుకుపోవు. రామభద్ర బొద్దుగా పోస్టరుకు బాగుంటుంది కానీ చిన్న సైజులో ష్ట్ర లాంటివి మసి ముద్దవుతాయి. పై లైను ఒత్తులు కిందికి దిగి, కింది లైను గుడులు పైకి లేచి ఒకదాన్నొకటి తాకుతున్నాయేమో ఒక్కసారి పెద్దది చేసి చూసుకోవాలి. తాకుతుంటే సైజు తగ్గించడం కంటే ఒక్క లైనుకు కుదించడమే మేలు.

ఈ పద్ధతికి లొంగనిది ఒకటుంది. ఇద్దరు రైతులు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడేటప్పుడు, ఇద్దరికీ చెరో లైను ఇచ్చి ముందు చిన్న గీత పెట్టినా, సెకనుకు పది అక్షరాల కిందికి దించడం నావల్ల కాలేదు. అక్కడ ఎవరి మాటలో మందు పేరో, మోతాదో ఉందో వాళ్ల మాట ఉంచి, రెండోవాళ్లది వదిలేస్తున్నాను. వినపడనివాళ్ల కోసం [ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు] అని ఒక్క ముక్క పెడుతున్నాను.