ఓబీవీ, ఏడీ లైన్: నాలుగేళ్లు చార్ట్ కింద పెట్టుకుని చూశాక

మొదట్లో నేను క్రిప్టో చార్ట్ కింద ఓబీవీ, అంటే ఆన్ బ్యాలెన్స్ వాల్యూమ్ అనే సూచిక ఒక్కటే పెట్టుకునేవాణ్ణి. లెక్క చాలా తేలిక. నిన్నటి కంటే ఇవాళ ధర పైన ముగిస్తే ఇవాళ్టి వాల్యూమ్ మొత్తం కలుపుతుంది, కింద ముగిస్తే మొత్తం తీసేస్తుంది. దాని బలహీనత కూడా అక్కడే ఉంది. పైసా పెరిగినా మొత్తం వాల్యూమ్ కొన్నవాళ్ల ఖాతాలోనే పడుతుంది.

అది నాకు ఒక చిన్న కాయిన్ దగ్గర తెలిసొచ్చింది. ముందురోజు 100 రూపాయల దగ్గర ముగిసింది. మర్నాడు 98కి దిగి, 120 దాకా ఎగిరి, చివరికి 102 దగ్గర ఆగింది. ఆ రోజు 10 లక్షల కాయిన్లు చేతులు మారాయి. ఓబీవీ 10 లక్షలు కలుపుకుని కొత్త గరిష్ఠానికి వెళ్లింది. బ్రేకవుట్ ఖాయమని కొన్నాను. రెండు వారాల్లో ధర 90 కిందికి వచ్చింది.

తర్వాత ఆ రోజు క్యాండిల్‌నే ఏడీ, అంటే అక్యుములేషన్ డిస్ట్రిబ్యూషన్ లైన్‌తో చూశాను. అది నిన్నటి ధరను పట్టించుకోదు. ఆ రోజు తిరిగిన పరిధిలో ముగింపు ఎక్కడుందో మాత్రమే చూస్తుంది.

```
((102-98) - (120-102)) / (120-98) ≈ -0.64
-0.64 × 10,00,000 = -6,40,000
```

అంటే ఏడీ లైన్ ఆ రోజు దాదాపు 6.4 లక్షలు తగ్గింది. 120 దగ్గర ఎవరో గట్టిగా అమ్మారు. ఆ పొడుగాటి పై విక్ ఓబీవీకి కనిపించలేదు.

అప్పట్నుంచి రెండూ కలిపే వాడుతున్నాను. ధర కొత్త గరిష్ఠం చేసినప్పుడు రెండూ వెంట వస్తేనే ఆ కదలికను నమ్ముతాను. ఓబీవీ పైకి, ఏడీ కిందికి వెళ్తే గత వారం పది రోజుల విక్‌లు ఒక్కొక్కటే చూస్తాను. స్టాక్స్‌లో గ్యాప్‌లను లెక్కలోకి తీసుకోదని ఏడీ లైన్ మీద ఒక ఫిర్యాదు ఉంది. రాత్రీపగలూ నడిచే క్రిప్టోలో గ్యాప్‌లు దాదాపు ఉండవు కాబట్టి ఆ ఇబ్బంది తక్కువే. అయితే డైలీ క్యాండిల్ చాలా చోట్ల మన టైమ్ ప్రకారం తెల్లవారి 5:30కి ముగుస్తుంది. రాత్రి పదింటికి కనిపించే విలువ ఇంకా మారుతుంది, దాన్ని చూసి టెన్షన్ పడొద్దు.

రెండింటికీ ఉన్న అసలు సమస్య వాల్యూమే. ఒక ఎక్స్ఛేంజ్ ఫీజు ఎత్తేస్తే అక్కడ ట్రేడ్లు ఒక్కసారిగా ఉబ్బుతాయి, లైన్ ఆకారమే మారిపోతుంది. దొంగ ట్రేడ్లు జరిగే చిన్న కాయిన్లలోనూ అంతే. అందుకే ఒకే కాయిన్‌ను రెండు ఎక్స్ఛేంజ్‌ల స్పాట్ చార్ట్‌లలో పక్కపక్కన పెట్టి చూస్తాను. దిశలు వేరుగా ఉంటే రెండు లైన్లనూ పక్కన పెట్టేస్తాను.

ధర పెరుగుతుంటే లైన్ తగ్గుతూ హెచ్చరించినా వెంటనే అమ్మను. ధర, లైన్ విడిపోయాక కూడా వారాల తరబడి ధర పెరగడం చూశాను. పైగా మన దగ్గర లాభం మీద 30 శాతం పన్ను, నష్టాన్ని వేరే కాయిన్ లాభంతో సర్దుకునే వీలు లేదు. కాబట్టి తొందరపడి అమ్మి మళ్లీ కొనడం ఖరీదైన పని. కొత్తగా కొనడం ఆపి, స్టాప్‌లాస్‌ను చివరి కనిష్ఠానికి కాస్త కింద పెడతాను. ఆ కనిష్ఠం తెగితేనే బయటికొస్తాను.