విలువైన పని ముందా, చిన్న పని ముందా? ఆలస్యపు ఖర్చు చెప్పే వరుస

దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న బృందం ముందు మూడు పనులున్నాయని, ఒకసారికి ఒక్క పనే చేయగలదని అనుకుందాం. మొదటిది స్టాకు లెక్కల విభాగం: ఆరు వారాలు పడుతుంది, అది లేనందువల్ల వారానికి 3 లక్షల రాబడి పోతోంది. రెండవది యూపీఐ చెల్లింపులను బిల్లులతో సరిచూసే పని: రెండు వారాలు పడుతుంది, వారానికి 2 లక్షలు పోతోంది. మూడవది రిపోర్టు ముద్రణలో చిన్న సవరణ: ఒక వారం పడుతుంది, వారానికి 30 వేలు పోతోంది. ఒక పని ఒక వారం వెనకబడితే పోయే ఈ సొమ్మునే ఆలస్యపు ఖర్చు అంటారు.

చాలా బృందాలు విలువ ఎక్కువ ఉన్న పనినే ముందు చేపడతాయి. అలా చేస్తే స్టాకు విభాగం ఆరవ వారంలో, యూపీఐ పని ఎనిమిదవ వారంలో, ముద్రణ సవరణ తొమ్మిదవ వారంలో పూర్తవుతాయి. ఒక్కో పని పూర్తయ్యేదాకా గడిచిన వారాలను దాని వారపు నష్టంతో గుణించి కూడితే మొత్తం నష్టం 36.7 లక్షలు. దీనికి తలకిందులుగా, చిన్న పనులను ముందు ముగించే పద్ధతిలో వరుస ముద్రణ సవరణ, యూపీఐ పని, స్టాకు విభాగం అవుతుంది, నష్టం 33.3 లక్షలకు తగ్గుతుంది. మూడవ పద్ధతిలో వారపు నష్టాన్ని పని పట్టే వారాలతో భాగిస్తారు. యూపీఐ పనికి 1 లక్ష, స్టాకు విభాగానికి 50 వేలు, ముద్రణకు 30 వేలు వస్తాయి. ఆ వరుసలో చేస్తే నష్టం 30.7 లక్షలే, ఈ మూడు పనులను ఏ ఇతర వరుసలో పెట్టినా ఇంతకంటే తక్కువ రాదు.

కారణం తెలియాలంటే మొదటి రెండు పనులను మాత్రమే చూస్తే చాలు. స్టాకు విభాగం ముందు నడిస్తే యూపీఐ పని ఆరు వారాలు ఆగి 12 లక్షలు పోగొడుతుంది. యూపీఐ పని ముందు నడిస్తే స్టాకు విభాగం రెండు వారాలే ఆగి 6 లక్షలు పోగొడుతుంది. పెద్ద పని తన వెనక ఉన్నవాటినన్నిటినీ నిలబెట్టేస్తుంది కనుకనే దాని విలువను అది పట్టే కాలంతో భాగించాలి. ఒకే యంత్రం మీద నడిచే పనులకు ఈ నియమాన్ని డబ్ల్యూ. ఇ. స్మిత్ 1956లోనే నిరూపించారు.

ఇక్కడ కాలం అంటే బృందం ఆ పనికి కట్టుబడి ఉండే వారాలు. ఒక మనిషి మూడు వారాల్లో చేసేదీ, ముగ్గురు కలిసి ఒక వారంలో ముగించేదీ శ్రమలో ఒకటే అయినా, భాగించవలసిన కాలం ఒకటి కాదు.

రూపాయల అంచనా కష్టమనిపించినచోట, పెద్ద సంస్థల్లో సాఫ్ట్‌వేర్ బృందాల పనిని నడిపే సేఫ్ అనే పద్ధతిని అనుసరించే సంస్థలు విలువ, తొందర, తగ్గే ముప్పు అనే మూడింటికి మార్కులు వేసి, కూడి, పని పరిమాణంతో భాగిస్తాయి. సమావేశంలో త్వరగా తేలే మార్గమే గానీ, ఆ కూడికలో నాకు పెద్ద లోపం కనిపిస్తుంది. విలువకు 20, తొందరకు 1, ముప్పుకు 1 పడిన పనికి మొత్తం 22. విలువకు 5, తొందరకు 13, ముప్పుకు 1 పడిన పనికి 19. రెండింటి పరిమాణం సమానమైతే మొదటిదే ముందుకు వస్తుంది. అది మూడు నెలలు ఆగినా ఏమీ పోదని తెలిసినా వరుస మారదు. విలువ గొప్పది కావడం వేరు, ఆలస్యమైతే ఆ విలువ తరిగిపోవడం వేరు. అందువల్ల మార్కుల కంటే ముతక రూపాయల అంచనానే నేను మేలంటాను. ఆ అంచనాను సగం చేసి ఒకసారి, రెట్టింపు చేసి ఒకసారి లెక్క వేసి చూడాలి. రెండుసార్లూ వరుస మారకపోతే ఇక చర్చ అక్కర్లేదు, మారితే ఆ ఒక్క అంకెనే తవ్వి తెలుసుకోవాలి.

గడువు ఉన్న పనులకు మాత్రం ఈ భాగహారం చాలదు. 2025 సెప్టెంబరు 3న జీఎస్‌టీ మండలి రేట్ల మార్పును ప్రకటించింది. చాలా వస్తువులకు కొత్త రేట్లు సెప్టెంబరు 22 నుంచి అమలయ్యాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ మార్పును 5వ తేదీన ముగించినా, 20వ తేదీన ముగించినా నష్టం లేదు. 21 దాటితే మాత్రం పాత రేటుతో వెళ్లే ప్రతి బిల్లూ తప్పే. ఈనాటి వారపు నష్టం సున్నా కాబట్టి భాగహారం దాన్ని అట్టడుగున పడేస్తుంది. ఇలాంటి పనిని వరుసలోంచి పక్కకు తీసి, గడువు నుంచి వెనక్కి లెక్కించాలి: పనికి ఒక వారం, పరీక్షకు, దుకాణాలకు చేర్చడానికి నాలుగు రోజులు పడితే 11వ తేదీకల్లా మొదలుపెట్టాలి. అప్పటిదాకా దొరికే వారంలో మిగిలిన పనులు తమ వరుసలోనే నడుస్తాయి.