కొత్త చూపరికి తొలి రీల్ ఎవరు ఎంచుతారు: టిక్‌టాక్ పద్ధతి మేలా, ఇన్‌స్టా పద్ధతి మేలా?

పొట్టి వీడియోల యాప్‌కు అసలు చిక్కు ఈ రోజే చేరిన మనిషితోనే. పాత చూపరి గురించి దాని దగ్గర బోలెడు సమాచారం ఉంటుంది. కొత్తవాళ్ల గురించి ఏమీ ఉండదు. అయినా తొలి నిమిషంలోనే నచ్చేది వేయాలి, లేకపోతే వాళ్లు యాప్ మూసేసి వెళ్లిపోతారు. ఈ చిక్కును టిక్‌టాక్ ఒక రకంగా దాటింది, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఇంకో రకంగా దాటుతోంది.

తన పద్ధతి ఏమిటో టిక్‌టాక్ 2020 జూన్‌లో స్వయంగా చెప్పింది. ఆ నెలాఖరుకే మన దేశంలో నిషేధం వచ్చిందనుకోండి, అయినా ఆ పద్ధతి తెలుసుకోదగ్గది. చేరగానే మీకిష్టమైన విషయాలేవో ఎంచుకోమంటుంది. ఎంచుకోకపోతే ఎక్కువమందికి నచ్చిన వీడియోలే ముందు వేస్తుంది. ఆ తర్వాత మీ వేలు ఎక్కడ ఆగుతుందో గమనిస్తుంది. కాస్త పెద్ద వీడియోను చివరిదాకా చూడటం బలమైన సూచన. వీడియో పెట్టినవాళ్లూ మీరూ ఒకే దేశంలో ఉండటం బలహీనమైన సూచన.

ఒక ఉదాహరణ చూద్దాం. మీకు ముందుగా ఒక డాన్స్ వీడియో వచ్చింది, రెండు సెకన్లలో తోసేశారు. తర్వాత 40 సెకన్ల గోంగూర పచ్చడి వీడియో వచ్చింది, మొత్తం చూశారు. ఇంతమాత్రాన మీకు వంటలు ఇష్టమని యాప్ తేల్చేయదు. ఆ పచ్చడి వీడియోను చివరిదాకా చూసిన మిగతావాళ్లు ఇంకా వేటి దగ్గర ఆగారో చూసి, వాటిలోంచి ఒకటి రెండు మీకు వేస్తుంది. మీరు ఫోను పక్కన పెట్టి వెళ్లినా వీడియో ఆడుతూనే ఉంటుంది కదా, అందుకే ఒక్కసారి చూస్తే సరిపోదు. రెండోసారి, మూడోసారి కూడా ఆగితేనే నమ్మకం పెరుగుతుంది.

లోపల జరిగేది కూడికే. ప్రతి వీడియోకూ మీరు లైక్ కొట్టే అవకాశం ఎంత, కామెంట్ పెట్టే అవకాశం ఎంత, ఎన్ని సెకన్లు చూస్తారు అని అంచనా వేసి, ఒక్కోదానికి ఒక్కో విలువ ఇచ్చి కలుపుతుంది. 2021 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టిన టిక్‌టాక్ అంతర్గత పత్రంలో ఉన్నది స్థూలంగా ఇదే. మొత్తం ఎక్కువ వచ్చిన వీడియో ముందుకొస్తుంది. అందుకే మీరు ఒక్క లైక్ కూడా కొట్టకపోయినా ఫీడ్ మారిపోతూ ఉంటుంది.

నిషేధం వచ్చిన కొద్ది రోజులకే, 2020 జులైలో, రీల్స్ మన దేశంలోకి వచ్చింది. దానికి చాలామంది విషయంలో మరీ సున్నా నుంచి మొదలుపెట్టే అవసరం లేకపోయింది. మీరు ఫాలో అవుతున్నవాళ్లు, ఇంతకు ముందు లైక్ కొట్టినవి, సేవ్ చేసుకున్నవి అప్పటికే దాని చేతిలో ఉన్నాయి. కొత్త ఖాతా అయినా ముందు ఎవరినైనా ఫాలో అవ్వమంటుంది. ఇక్కడా చూసిన సమయం ముఖ్యమే. అయితే మీకు పరిచయం లేనివాళ్ల రీల్స్ వ్యాపించాలంటే, చూసినవాళ్లు ఇంకొకరికి పంపడం చాలా లెక్కకొస్తుందని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో చెప్పారు.

నా ఓటు టిక్‌టాక్ పద్ధతికే. కారణం ఒకటే, అది మీరు చేసినదాన్నే చూస్తుంది. ఇన్‌స్టా ఖాతా తెరిచి ఇచ్చిన మేనల్లుడు తనకిష్టమైన సినిమా పేజీలన్నీ ఫాలో చేసి పెట్టాడనుకోండి, పిన్నిగారి ఫీడ్ వాడి అభిరుచితో మొదలవుతుంది. ఆమెకు నచ్చే తోటపని, భజనలు పైకి రావడానికి చాలా సమయం పడుతుంది.

కానీ టిక్‌టాక్ పద్ధతిలో పెద్ద ప్రమాదం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోలేం. ఆగి చూడటం ఇష్టమో, భయమో, బాధో దానికి తెలియదు. 2021లో వాల్‌స్ట్రీట్ జర్నల్ మనుషుల్లా చూసే ప్రోగ్రాములతో పరీక్షించింది. బాధాకరమైన వీడియోల దగ్గర ఆగేలా చేసిన ఒక ఖాతాకు 40 నిమిషాలు చూసేలోపే ఫీడ్ దాదాపు మొత్తం దిగులు వీడియోలతో నిండిపోయింది. రోడ్డు ప్రమాదం వీడియోను గుండె దడదడలాడుతూ చివరిదాకా చూసినా దాని లెక్కలో అది ఆసక్తే. అందుకే స్మార్ట్‌ఫోన్ కొత్తగా పట్టుకున్న పెద్దవాళ్లకు, పక్కన చెప్పేవాళ్లు లేకపోతే, ఇన్‌స్టా పద్ధతే తక్కువ ప్రమాదం అంటాను. కనీసం తెలిసినవాళ్ల నుంచి మొదలవుతుంది.

మనకు మిగిలిన దారి రీల్స్‌లోనే టిక్‌టాక్ మేలును కొంత తెచ్చుకోవడం. సిఫార్సులను మొదటికి తెచ్చుకునే వీలును ఇన్‌స్టాగ్రామ్ 2024 నవంబరులో ప్రకటించింది. కంటెంట్ సెట్టింగ్స్‌లో చూడండి. అప్పుడే ఎవరెవరిని ఫాలో అవుతున్నారో చూసుకుని వద్దనుకున్నవాళ్లను తీసేయొచ్చు. ఆ తర్వాత మొదటి గంట జాగ్రత్త: నచ్చనిది కనబడితే సెకనులో తోసేయండి, మళ్లీ మళ్లీ వస్తుంటే Not interested నొక్కండి. తిట్టడానికి కామెంట్ పెట్టారంటే, దాని కూడికలో అదీ ఒక కామెంటే.