సున్నా చుట్టింది ఒక్క బిట్‌కే: జవాబు ఎక్కడి నుంచి మొదలుపెట్టడం మేలు?

గుంటూరు బ్రాడీపేటలో ఇంటి దగ్గర ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే నాకు, పరీక్షల కాలంలో రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్‌లో వచ్చే ఫొటోలన్నీ దాదాపు ఒకే తీరున ఉంటాయి. ప్రశ్నపత్రంలో ఒక పేజీ ఉంటుంది, అందులో ఒక ప్రశ్నకు మూడో నాలుగో బిట్లు ఉంటాయి, వాటిలో ఒకదానికి పెన్సిలుతోనో నీలం పెన్నుతోనో సున్నా చుట్టి ఉంటుంది, కింద "సార్, ఇది చెప్పరా" అన్న ముక్క తప్ప మరేమీ ఉండదు. అప్పుడు నా ముందు నాలుగు దారులుంటాయి. చుట్టిన బిట్‌కు మాత్రమే జవాబు రాయవచ్చు, పేజీలోని ప్రశ్నలన్నీ చేసి పంపవచ్చు, చుట్టిన బిట్‌నే చేస్తూ, దానికి ఆధారమైన ముందు బిట్లను కూడా అవసరమైనంత మేరకు చేయవచ్చు, ఏమీ చేయకుండా ముందు "ఏది కావాలి?" అని తిరిగి అడగవచ్చు. ఈ నాలుగింటినీ నేను ఎప్పుడో ఒకప్పుడు చేసినవాడినే కనుక, వాటి మంచిచెడ్డలను ఒక్క లెక్క మీద పెట్టి చూపుతాను.

విజయవాడ వన్ టౌన్ నుంచి వచ్చి నా దగ్గర చదువుకునే ఒక అమ్మాయి తన కాలేజీ యూనిట్ పరీక్ష పేపరును ఫొటో తీసి పంపింది. పేపరు పైభాగం మడతపడి ఉంది. 17వ ప్రశ్న సారాంశం ఇది: 45 మీటర్ల ఎత్తున్న మేడ పైనుంచి ఒక బంతిని 40 m/s వేగంతో క్షితిజ సమాంతరంగా విసిరారు. (ఎ) అది నేలను చేరడానికి ఎంత కాలం పడుతుంది? (బి) మేడ అడుగు నుంచి ఎంత దూరంలో పడుతుంది? (సి) పై ఫలితం ఆధారంగా, నేలను తాకే క్షణంలో దాని వేగాన్ని, దిశను కనుక్కోండి. సున్నా (సి) చుట్టూ ఉంది.

నేను మొదట ఎంచుకున్నది మొదటి దారే. అడిగింది (సి) కనుక (సి) ఒక్కటే చేశాను, అదీ దగ్గరి దారిలో. శక్తి నిత్యత్వ నియమం వాడితే కాలంతో పని లేకుండానే v² = u² + 2gh అని వచ్చేస్తుంది. g విలువ 9.8 వేసుకున్నాను. జవాబు 49.8 m/s వచ్చింది. క్షితిజ సమాంతర వేగం మారదు కాబట్టి దిశను కూడా అందులోంచే రాబట్టి, నాలుగు పంక్తుల్లో ముగించి పంపాను. లెక్క పరంగా ఇందులో తప్పేమీ లేదు. అయినా ఆ జవాబు ఆ అమ్మాయికి మూడు విధాల పనికిరాలేదు.

మొదటిది, మడతపడిన పైభాగంలో "g = 10 m/s² గా తీసుకోండి" అన్న సూచన ఉంది. కాలేజీ వాళ్లిచ్చిన కీలో జవాబు 50. నాది 49.8 కావడంతో, ఏది సరైనదో తెలియక ఆ అమ్మాయి మళ్లీ మెసేజ్ పెట్టింది. రెండోది, ప్రశ్నలో "పై ఫలితం ఆధారంగా" అన్న మాట ఉంది. ఇంగ్లిష్ మీడియం పేపర్లలో ఇదే 'హెన్స్' అని కనబడుతుంది. ఆ మాట ఉన్నప్పుడు ముందు బిట్‌లో వచ్చిన విలువను వాడి చేయమని అర్థం. 'హెన్స్ ఆర్ అదర్‌వైజ్' అని ఉంటేనే మన ఇష్టమొచ్చిన దారిలో పోవచ్చు. నేను (ఎ) ఊసెత్తకుండా శక్తి దారిలో చేసిన పరిష్కారాన్ని యథాతథంగా పరీక్షలో రాస్తే, కఠినంగా దిద్దేవారు మార్కు తగ్గించే వీలుంది.

మూడోది వీటన్నింటికంటె పెద్దది, ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చూసుంటే అప్పుడే తెలిసేది. (ఎ) పక్క మార్జిన్‌లో సన్నటి పెన్సిలు రాతతో t = 9 అని ఉంది. వర్గమూలం తీయడం మరచి, t² విలువనే t అనుకుందన్నమాట. ఆ 9ని (సి)లో వేసుకుంటే నిట్టనిలువు వేగం 90, మొత్తం వేగం సుమారు 98.5 వస్తుంది. కీలో 50 ఉండగా తనకు అటూ ఇటూ రెట్టింపు రావడం చూసి, తప్పు (సి)లోనే ఉందనుకుని దానికి సున్నా చుట్టింది. తప్పు జరిగింది (ఎ)లో, అది కంటికి కనబడింది (సి)లో. సున్నాను బట్టి బాధ ఎక్కడో తెలుస్తుంది గాని, కారణం ఎక్కడో తెలియదు. చుట్టిన బిట్‌కు మాత్రమే జవాబిచ్చే పద్ధతిలో నాకు కనబడిన అసలు లోపం ఇదే.

దీనికి విరుగుడుగా కొందరు మాస్టార్లు రెండో దారి పడతారు, ఫొటోలో ఉన్నవన్నీ చేసేసి నాలుగు పేజీలు పంపిస్తారు. పిల్లవాడికి మేలు చేశామన్న తృప్తి ఉంటుందేమో గాని, అది తరచుగా మేలు కాదు. ఆ పేజీలో 16వ ప్రశ్న కింది సగం మాత్రమే పడింది, 18వ ప్రశ్న బొమ్మ నీడలో ఉంది. అన్నీ చేయాలని కూర్చుంటే, కనబడని అంకెలను ఊహించి రాయవలసి వస్తుంది. ఊహించి రాసినదానికీ చూసి రాసినదానికీ తేడా తెలియక విద్యార్థి రెండింటినీ ఒకేలా నమ్ముతుంది. పైగా తనకు కావలసిన ఆరు పంక్తుల కోసం నాలుగు పేజీలు ఫోన్‌లో కిందికీ పైకీ జరపాలి. ఈ లెక్కలోనే చూడండి: (బి)కి జవాబు 40 × 3 = 120 మీటర్లు. అది (సి)కి అసలు అక్కరలేదు. పైనుంచి వరుసగా చేసుకుంటూ పోతే, (సి)కి (బి) కూడా కావాలేమోనన్న తప్పు అభిప్రాయం కలుగుతుంది. ఏది దేనిమీద ఆధారపడిందో తెలియడమే బిట్ల ప్రశ్నలో సగం పాఠమైనప్పుడు, అన్నీ చేసిపెట్టి ఆ తెలివిని చెరిపేయడం నాకు నచ్చదు. (ఇంకొక సంగతి: పేపరు మీది తేదీ ఆనాటిదే అయితే, పరీక్ష ముగిసిందో లేదో కనుక్కోకుండా నేను ఒక్క బిట్ కూడా చేయను.)

నేను ఇప్పుడు పాటించేది మూడో దారి. చుట్టిన బిట్ చివరి పంక్తి నుంచి వెనక్కి వెళతాను. వేగం కావాలంటే నిలువు వేగం కావాలి. నిలువు వేగానికి కాలం కావాలి. కాలం (ఎ)లో ఉంది. దానికి ఎత్తు, g కావాలి, అవి ప్రశ్న మొదట్లోనో పేపరు తలలోనో ఉంటాయి. అలా వెనక్కి వెళ్లి ఎక్కడ ఆగుతానో అక్కడి నుంచి రాయడం మొదలుపెడతాను. దారిలో తగలని (బి)ని ముట్టుకోను. ఆ అమ్మాయికి రెండోసారి పంపినది ఇంతే:

```
g = 10 m/s²
(ఎ) నుంచి: t = √(2h/g) = √(90/10) = √9 = 3 s
v_y = gt = 10 × 3 = 30 m/s
v = √(40² + 30²) = 50 m/s
tan θ = 30/40,  θ ≈ 37° (క్షితిజ సమాంతరానికి కిందికి)
```

దాని కింద ఒక్క వాక్యం రాశాను: "మార్జిన్‌లో నువ్వు t = 9 అని రాశావమ్మా, అది t²; వర్గమూలం తీసి చూడు." రెండు నిమిషాల్లో "అయ్యో, అదా సార్" అని జవాబు వచ్చింది. (బి)లో కూడా తాను 360 రాశానని, దాన్నీ దిద్దుకున్నానని తనే చెప్పింది. నేను (బి) చేసిపెట్టి ఉంటే, ఆ దిద్దుబాటు నా చేతి మీదుగా జరిగేది.

ఈ దారికీ హద్దులున్నాయి. ముందు బిట్ పెద్ద ఉత్పాదన అయితే దాన్నంతా తిరగరాయడం దండగ. అప్పుడు దాని చివరి ఫలితాన్ని మాత్రం "(ఎ)లో ఇది వస్తుంది, నీకు వచ్చిందో లేదో సరిచూసుకో" అని ఒక పంక్తిలో పెట్టి ముందుకు పోతాను. ఫొటోలో పడని విలువను నేను వేసుకోవలసి వస్తే, దాన్ని మొదటి పంక్తిలోనే పెడతాను. ఆ రాత్రి మొదటిసారే "g = 9.8 వేసుకున్నాను, మీ పేపరులో వేరే ఉంటే చెప్పు" అని రాసి ఉంటే, 49.8 ఎందుకొచ్చిందో తనకే తెలిసేది.

ఇక తిరిగి అడగడం. ఇది మర్యాదగా కనబడుతుంది కాని, అందులోని ఖర్చు అడిగేవారికి తెలియదు. చాలామంది పిల్లలకు సొంత ఫోన్ ఉండదు; ఫొటో వచ్చేది నాన్న ఫోన్ నుంచి. ఆయన తెల్లవారుజామున డ్యూటీకి వెళితే, నా ప్రశ్నకు జవాబు వచ్చేది మరునాటి సాయంత్రానికి. అందుచేత సున్నా ఎక్కడుందన్నదే ముందు చూస్తాను. బిట్ అక్షరం చుట్టూ ఉంటే ఆ బిట్. ప్రశ్న సంఖ్య చుట్టూ ఉంటే అందులోని బిట్లన్నీ. ఆబ్జెక్టివ్ ప్రశ్నలో ఒక ఆప్షన్ చుట్టూ ఉంటే అది సందేహం కాదు, విద్యార్థి పెట్టిన జవాబు. అడుగుతున్నది అది తప్పా ఒప్పా అని. కుడివైపు మార్కుల అంకె చుట్టూ ఎర్ర సున్నా ఉంటే, అది చాలావరకు దిద్దినవారి చెయ్యి.

తప్పనిసరిగా అడగవలసిన చోటు ఒకటుంది. పదో తరగతి పేపర్లలో పెద్ద ప్రశ్నలకు మధ్యలో 'లేదా' ఉంటుంది. సున్నా ప్రశ్న సంఖ్యకు ఉంటే, పై ప్రశ్నా కింది ప్రశ్నా అన్నది ఎంత చూసినా తెలియదు. రెండూ చిన్నవైతే అడగకుండా రెండూ చేస్తాను. పెద్దవైతే అడుగుతాను, అదీ ఒక్క మాటలో జవాబు చెప్పగలిగేటట్టు: "లేదాకు పైదా, కిందిదా?" నాన్నగారు చూసినా, పిల్లవాడిని లేపకుండానే "కిందిది, మాస్టారూ" అని పెట్టగలగాలి.