లాభనష్టాల ఖాతానా, బ్యాలెన్స్ షీటా: ముందు ఏది చదవాలి?

కావలి దగ్గర మా బావకి రొయ్యల మేత షాపు ఉంది. పోయిన ఏడాది నన్ను పార్ట్‌నర్‌గా 10 లక్షలు పెట్టమని అడిగి, ఆడిటర్ తయారుచేసిన రెండు కాగితాలు చేతికిచ్చాడు. నాకు అకౌంట్స్ రావు, అందుకే అందరిలాగే లాభనష్టాల ఖాతా అడుగున ఉన్న అంకె చూశా. అమ్మకం 1 కోటి 20 లక్షలు, నికర లాభం 6 లక్షలు. బాగానే ఉందనుకున్నా.

కానీ బ్యాంకులో చూస్తే 40 వేలు కూడా లేవు. మరి 6 లక్షలు ఏమైనట్టు?

దానికి జవాబు రెండో కాగితంలో, అంటే ఒక రోజుకి ఆస్తులెంత, అప్పులెంత అని చూపే బ్యాలెన్స్ షీట్‌లో ఉంది. మేత బస్తా అరువుకి ఇచ్చినా ఆ రోజే అమ్మకం కింద రాసేస్తారు, డబ్బు మాత్రం రైతు రొయ్యలు పట్టి అమ్మాక ఎప్పుడో వస్తుంది. అలా రావలసిన బాకీలను బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తుల వైపు 'సండ్రీ డెటార్స్' అని చూపిస్తారు. అది అంతకుముందు ఏడాది మార్చి 31న 18 లక్షలు, ఆ ఏడాది మార్చి 31న 34 లక్షలు. అంటే 16 లక్షలు అదనంగా రైతుల దగ్గర ఇరుక్కుంది. మిగతా అంకెలు పెద్దగా మారలేదు, కాబట్టి ఆ 16 ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుల వైపు చూస్తే తెలిసిపోయింది. మేత కంపెనీకి బాకీ 8 లక్షలు పెరిగింది, ఖాతాలో ఉన్నదానికి మించి బ్యాంకు వాడుకోనిచ్చే ఓడీ అప్పు 5 లక్షలు పెరిగింది. లాభం 6 లక్షల్లో బావ ఇంటికి వాడుకున్న 3 పోగా మిగిలిన 3 కూడా అందులోకే పోయింది. (ఇంటికి వాడుకున్నది ఖర్చు కింద రాదు, మూలధనంలో తగ్గిస్తారు.)

అలాగని మొదటి కాగితం పనికిరాదని కాదు. బస్తా మీద ఎంత మిగులుతోంది, జీతాలు, రవాణా, వడ్డీ ఎంత తినేస్తున్నాయి అన్నది అందులోనే తెలుస్తుంది. షాపు నడిపేవాళ్లకి అదే మేలు. డబ్బు పెట్టేవాళ్లు మాత్రం బ్యాలెన్స్ షీట్ ముందు చదవాలి, అదీ రెండేళ్లవి పక్కపక్కన పెట్టుకుని. ఎందుకంటే అది ఒక్క రోజు లెక్క. మార్చి నెలాఖరుకి గుంటల్లో పంట ఉంటుంది కాబట్టి అరువు ఎక్కువగానే కనిపిస్తుంది, పోయినేడు అదే రోజుతో పోలిస్తేనే తేడా తెలుస్తుంది. మా లెక్కలో నెలకు సుమారు 10 లక్షల అమ్మకానికి 34 లక్షల బాకీ అంటే మూడు నెలల పైచిలుకు.

అయితే ఆ 34 లక్షల్లో వసూలయ్యేది ఎంత, మునిగేది ఎంత అన్నది బ్యాలెన్స్ షీట్ కూడా చెప్పదు. అందుకే ఏ బాకీ ఎన్ని రోజులదో జాబితా అడిగా. అందులో 7 లక్షలు రెండు పంటల కిందటివి, రొయ్యలకి వైట్ స్పాట్ రోగం వచ్చి గుంటలు ఖాళీ చేసుకున్న రైతులవి. అవి రాకపోతే 6 లక్షల లాభం కాస్తా లక్ష నష్టం. బావకి అదే చెప్పా, ముందు ఆ 7 లక్షల్లో ఎంత వస్తుందో తేల్చు, తర్వాత పార్ట్‌నర్‌షిప్ గురించి మాట్లాడుకుందాం అని.