పాస్‌పోర్ట్ సైజు నుంచి 12x15 ఫ్రేముకి: Upscayl రెండేళ్లు వాడాక

మా తాతయ్య పోయినప్పుడు పెద్దకర్మ నాటికి ఫ్రేము కట్టించాలంటే ఇంట్లో సరైన ఫొటో ఒక్కటీ దొరకలేదు. ఉన్నదల్లా పట్టాదారు పాసుపుస్తకంలో అంటించిన పాస్‌పోర్ట్ సైజు ఫొటో, భుజం మీద సగం సీలు ముద్రతో. దాన్నే 12x15 అంగుళాలకి పెంచాలి. ఆ పని కోసం కంప్యూటర్‌లో వేసుకున్న Upscayl ని, అంటే ఏఐ మోడళ్లతో ఫొటోల్ని పెద్దవి చేసే సాఫ్ట్‌వేర్‌ని, ఈ రెండేళ్లలో బంధువుల ఫొటోలు చాలావాటికి వాడాను. ఇది ఉచితం. ఫొటోలు మన సిస్టమ్‌లోనే ఉంటాయి, ఎక్కడికీ అప్‌లోడ్ చేయక్కర్లేదు. వల్కన్ సపోర్ట్ ఉన్న గ్రాఫిక్స్ కార్డు మాత్రం కావాలి. ఏ ఫొటోకి పనిచేస్తుంది, ఏ ఫొటోకి పనిచేయదు అన్నది నాకు ఇప్పుడు బాగానే తెలుసు కాబట్టి రాస్తున్నాను.

తాతయ్య ఫొటో సంగతే వివరంగా చెప్తాను. ఫొటో కొలత 3.5 x 4.5 సెంటీమీటర్లు. దాన్ని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 పిక్సెళ్ల చొప్పున స్కాన్ చేస్తే దాదాపు 827 x 1063 పిక్సెళ్లు వచ్చాయి. 12 అంగుళాల వెడల్పుకి పరిస్తే అంగుళానికి 69 పిక్సెళ్లే. ప్రింటింగ్ ల్యాబులో 300 కావాలంటారు. చాలామంది ఇక్కడే కంగారుపడి ఎంత దొరికితే అంత పెంచేస్తారు. కానీ 300 అనేది ఫొటోని చేతిలో పట్టుకుని అడుగు దూరం నుంచి చూసేవాళ్ల లెక్క. మామూలు చూపుకి అడుగు దూరంలో అంగుళానికి దాదాపు 290 చుక్కలు విడివిడిగా ఆనుతాయి, మూడడుగులకి 95, ఆరడుగులకి 50 లోపే. గుమ్మం పైన గోడకి తగిలించే ఫొటోని ఎవరూ అడుగు దూరం నుంచి చూడరు. అంటే 69 పిక్సెళ్లు కూడా గోడ మీదకి పర్వాలేదు. దగ్గరికి వెళ్లి దండ వేసేటప్పుడు కళ్లకి గళ్లుగళ్లుగా కనపడకుండా ఉంటే చాలు.

స్కానింగ్‌లో ఒక తప్పు చేశాను. పుస్తకం పేజీ అద్దానికి పూర్తిగా ఆనలేదు. ఇళ్లల్లో వాడే పల్చటి స్కానర్లు అద్దానికి ఆనిన దాన్నే స్పష్టంగా చూస్తాయి, రెండు మిల్లీమీటర్లు పైకి లేచినా మసక వస్తుంది. మొదటిసారి తాతయ్య చెంప ఒకవైపు మెత్తబడిపోయింది. పుస్తకం మీద బరువైన డిక్షనరీ పెట్టి మళ్లీ స్కాన్ చేశాక మీసం వెంట్రుకలు కూడా తెలిశాయి. ఈ ఒక్క మార్పు తెచ్చిన తేడా తర్వాత ఏ మోడల్ కూడా తేలేకపోయింది.

తర్వాత 12x15 నిష్పత్తికి కత్తిరించి Upscayl లో 4x పెడితే 3308 x 4136 వచ్చింది. అంగుళానికి 275, ల్యాబుకి సరిపోతుంది. చొక్కా కాలరు, తువ్వాలు అంచు, జుట్టు ఎంత శుభ్రంగా వచ్చాయో చూసి చాలా సంతోషపడ్డాను. ప్రింట్ తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. కాసేపు చూసి, "బాగుందిరా. కానీ ఇవి మా నాన్న కళ్లు కావు" అంది.

కంప్యూటర్ దగ్గర కూర్చుని పాత స్కాన్‌ని, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి 200 శాతం జూమ్‌లో చూశాను. తాతయ్య ఎడమ కంటి రెప్ప కొద్దిగా కిందికి వాలి ఉండేది. స్కాన్‌లో అది నాలుగైదు పిక్సెళ్ల మసక నీడ. మోడల్ దాన్ని తేటగా, పదునైన గీతగా మార్చి రెప్పని పైకెత్తేసింది. కంటి కింద సన్నటి ముడతలు నున్నగా పోయాయి. మోడల్ చేసేది అదే: మసకగా ఉన్నచోట తాను నేర్చుకున్న ఫొటోల్లో సాధారణంగా ఏముంటుందో దాన్ని నింపుతుంది. కాలరుకి అది చాలు, ఏ కాలరైనా కాలరే. మనిషి కంటికి చాలదు. మొహాలు బాగుచేయడానికే ప్రత్యేకంగా ఉన్న మోడళ్లు ఇంకా ఘోరం. వాటిలో చాలావాటిని ఇంటర్నెట్‌లోని 70,000 మొహాల FFHQ సేకరణ మీద తయారుచేశారు. కళ్లు అద్దంలా మెరుస్తాయి, మనిషి మాత్రం మారిపోతాడు. చనిపోయినవాళ్ల ఫొటోకి అవి వాడొద్దనే చెప్తాను.

అప్పటినుంచి నేను చేస్తున్న పద్ధతి ఇది. అదే స్కాన్‌ని GIMP అనే ఫొటో ఎడిటర్‌లో Scale Image కి వెళ్లి, ఏఐ లేని LoHalo పద్ధతితో అదే కొలతకి పెంచుతాను. అది మెత్తగా ఉంటుంది కానీ కొత్తగా ఏమీ కల్పించదు. దాన్ని కింద లేయర్‌గా, Upscayl చేసినదాన్ని పైన పెట్టి, బట్టల దగ్గర పై లేయర్ ఒపాసిటీని 80 శాతం ఉంచి, మొహం మీద మాస్క్‌తో 35కి తగ్గిస్తాను. కళ్ల దగ్గర ఇంకా తక్కువ. చివర్లో మొత్తం మీద పాత ఫిల్మ్ ఫొటోల్లో ఉండే సన్నటి చుక్కల్లాంటి గ్రెయిన్ పల్చగా వేస్తాను, మెత్తటి మొహానికీ పదునైన చొక్కాకీ తేడా అందులో కలిసిపోతుంది. ఇలా చేసిన రెండో ప్రింట్ చూసి అమ్మ ఏమీ అనలేదు, తీసుకెళ్లి తనే దేవుడి గది పక్కన తగిలించింది.

ఫైనల్ ప్రింట్‌కి ముందు నేను తప్పకుండా చేసే పని ఒకటుంది. పెద్ద ఫైల్లోంచి కళ్లు, నోరు వచ్చేలా 4x6 అంగుళాల ముక్కని అసలు కొలతలోనే కత్తిరించి, మామూలు 4x6 ప్రింట్‌గా తీయిస్తాను. తక్కువ ఖర్చులో అయిపోతుంది. దాన్ని గోడకి అంటించి ఆరడుగులు వెనక్కి వచ్చి ఒకసారి, చేతిలో పట్టుకుని ఒకసారి చూస్తాను. స్క్రీన్ మీద బాగా కనపడిన పదును కాగితం మీద ప్లాస్టిక్‌లా వచ్చిందో లేదో ఇక్కడే తెలిసిపోతుంది.

Double Upscayl అని రెండుసార్లు పెంచే ఆప్షన్ ఉంది. దాని జోలికి పోకండి. మొదటిసారి కల్పించిన గీతలనే నిజమనుకుని రెండోసారి ఇంకా లావు చేస్తుంది. పేపర్లో అచ్చయిన ఫొటోలు, గరుకు కాగితం మీద పాత స్టూడియో ప్రింట్లు కూడా నేరుగా ఇస్తే చెడిపోతాయి, చుక్కల్నీ గరుకునీ చర్మం అనుకుంటుంది.

ఇక హద్దు ఎక్కడుందంటే, మొత్తం ఫొటో సైజు చూడటం నేను మానేశాను. మొహం వెడల్పు ఎన్ని పిక్సెళ్లో కొలుస్తాను. తాతయ్య స్కాన్‌లో అది 330. నా చేతిలో 150 దాటిన మొహాలు జాగ్రత్తగా చేస్తే నిలబడ్డాయి. 100 లోపు ఏవీ నిలబడలేదు. మొన్న పిన్ని పెళ్లి గ్రూప్ ఫొటో వాట్సాప్‌లో పంపి, అందులో బాబాయి మొహం ఒక్కటీ పెద్దది చేయమంది. ఫొటో పొడవు 1600 పిక్సెళ్లు, బాబాయి మొహం 55. నాలుగు రెట్లు పెంచితే ఎవరో కుర్రాడు నవ్వుతున్నట్టు వచ్చింది, బాబాయి కాదు. అది పిన్నికి పంపలేదు. ఆల్బమ్‌లోని 6x8 ప్రింట్ తెప్పించుకుని 600 డీపీఐలో స్కాన్ చేస్తే మొహం 165 వచ్చింది. కాగితంలో ఉన్న నిజమైన వివరం అందులో సగమే ఉంటుంది, అందుకే 12x15 కుదరదని పిన్నికి ముందే చెప్పాను. మొహం అంగుళంన్నర వెడల్పు ఉండేలా, భుజాల వరకూ తీసుకుని 5x7 ప్రింట్ ఇచ్చాను. టీవీ పక్కన బల్ల మీద పెట్టుకుంది.