ఆరు లక్షలా, మూడు లక్షల అరవై వేలా?

మా కాలేజీ ప్లేస్‌మెంట్ విభాగం బోర్డు మీద ఒకే వారంలో రెండు ప్రకటనలు అంటించాం. ఒకటి పెద్ద ఐటీ సేవల కంపెనీది, జీతం ఏడాదికి 3 లక్షల 60 వేలు. రెండోది హైదరాబాద్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీది, జీతం 6 లక్షలు. పిల్లలంతా రెండో కాగితం ముందే గుమిగూడారు. ఈసీఈ చివరి ఏడాది చదువుతున్న ఒక అమ్మాయి మాత్రం రెండింటినీ ఫోటో తీసుకుని నా గదికి వచ్చింది.

“సార్, రెండు పరీక్షలూ ఒకే రోజు పెట్టారు. దేనికి రాయమంటారు?”

జీతం అంకె మీద చెయ్యి అడ్డం పెట్టి మిగతాది చదవమన్నాను.

అర్హతల దగ్గర మొదటి ప్రకటనలో సందేహానికి తావు లేదు. పదో తరగతి, ఇంటర్ లేదా డిప్లొమా, బీటెక్, మూడింటిలోనూ 60 శాతం ఉండాలి. పరీక్ష రాసే నాటికి బ్యాక్‌లాగ్ ఉండకూడదు. చదువు మధ్యలో ఏడాదికి మించి విరామం ఉండకూడదు. రెండో దానిలో రెండు ముక్కలే ఉన్నాయి: బీటెక్‌లో 65 శాతం, బ్యాక్‌లాగ్‌లు లేనివారు.

ఈ శాతం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. జేఎన్‌టీయూ హైదరాబాద్ లెక్క ప్రకారం సీజీపీఏలోంచి 0.5 తీసేసి, వచ్చినదాన్ని పదితో హెచ్చించాలి. ఈ అమ్మాయికి 7.1 ఉంది కాబట్టి 66 శాతం, గట్టెక్కింది. ఆమె స్నేహితురాలికి 6.9. తనకు 69 శాతం ఉందనుకుని నిశ్చింతగా ఉంది. నిజానికి వచ్చేది 64. పరీక్ష బాగా రాసినా సర్టిఫికెట్లు చూసే రోజున వెనక్కి పంపేస్తారు.

ఇక బ్యాక్‌లాగ్. ఈ అమ్మాయి మొదటి ఏడాది గణితం తప్పి సప్లిమెంటరీలో గట్టెక్కింది. ‘బ్యాక్‌లాగ్‌లు లేనివారు’ అంటే ఇప్పుడు లేనివారనా, ఎప్పుడూ లేనివారనా? ఫోనులో అడిగితే ఒకరు ఒకలా, మరొకరు మరోలా చెప్పారు. ఈమెయిల్ పంపితే ‘ఇప్పుడు లేకపోతే చాలు’ అని జవాబు వచ్చింది. ఆ జవాబును అచ్చు తీసి ఫైలులో పెట్టాం. ఎంపికయ్యాక వివాదం వస్తే ఫోనులో విన్న మాట ఎందుకూ పనికిరాదు.

ఎంపిక దశల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మొదటి కంపెనీది ఆప్టిట్యూడ్, ఇంగ్లిష్, ప్రోగ్రామింగ్ కలిసిన ఆన్‌లైన్ పరీక్ష, తర్వాత ఒక ఇంటర్వ్యూ. ప్రతి విభాగంలోనూ విడిగా కటాఫ్ ఉంది కనుక ఒకదానిలో బాగా రాసి మరొకదాని లోటు పూడ్చుకునే వీలు లేదు. రెండో కంపెనీ గంటలో రెండు ప్రోగ్రాములు రాయమంటుంది, ఆపైన రెండు సాంకేతిక ఇంటర్వ్యూలు చేస్తుంది. ప్రోగ్రాములు రాయడంలో చెయ్యి తిరిగినవారికి ఇదే మేలు, ఎందుకంటే ఇక్కడ పోటీకి నిలిచేవారు తక్కువ.

అసలు తేడా శిక్షణలో ఉంది. మొదటి కంపెనీ మూడు నెలలు తన శిక్షణ కేంద్రంలోనే ఉంచుతుంది. వసతి ఉచితం, చేరిన రోజు నుంచే పూర్తి జీతం. రెండోది ఆరు నెలల ఇంటర్న్‌షిప్. నెలకు 15 వేలు స్టైపెండ్, గది అద్దె మనదే. ఆ తర్వాత ‘పనితీరును, కంపెనీ అవసరాలను బట్టి’ ఉద్యోగం ఖాయం చేస్తారు. 6 లక్షల మాట అప్పటి నుంచే.

కాగితం, కాలిక్యులేటర్ తీసుకుని కూర్చున్నాం. మొదటి కంపెనీది నెలకు 30 వేలు. ప్రకటనలో వేసేది కంపెనీ మన మీద పెట్టే మొత్తం ఖర్చు కనుక, అందులోంచి పీఎఫ్‌కు కంపెనీ వాటా 1,800, మన వాటా 1,800, గ్రాట్యుటీ సుమారు 700, వృత్తి పన్ను 200 పోతే చేతికి 25 వేలకు కాస్త పైన వస్తుంది. ఏడాదికి 3 లక్షలనుకుందాం.

రెండో కంపెనీ ఆరు లక్షల్లో లక్ష రూపాయలు రెండేళ్లు నిండాక ఇచ్చే బోనస్, 60 వేలు పనితీరును బట్టి ఇచ్చేది. అవి తీసేస్తే నికరంగా మిగిలేది 4 లక్షల 40 వేలు. కోతలన్నీ పోగా నెలకు చేతికి వచ్చేది దాదాపు 32 వేలు. మొదటి ఏడాదిలో ఆరు నెలల స్టైపెండ్ 90 వేలు, తర్వాతి ఆరు నెలల జీతం లక్షా 92 వేలు, మొత్తం 2 లక్షల 82 వేలు. అంటే 3 లక్షల 60 వేల ఉద్యోగం కంటే మొదటి ఏడాది తక్కువే! పైగా అద్దె ఖర్చు అదనం. అమ్మాయి లెక్క మళ్లీ మొదటి నుంచి వేసింది. జవాబు మారలేదు.

రెండో ఏడాది నుంచి మాత్రం 84 వేల తేడాతో చిన్న కంపెనీదే పైచేయి, ఉద్యోగం ఖాయమైతేనే.

అయితే ఒక్క ప్రశ్నతో ఈ లెక్కంతా తలకిందులవుతుంది. ఆ ఇంటర్న్‌షిప్ ఎప్పుడు మొదలవుతుంది? ఎనిమిదో సెమిస్టర్‌లో జనవరి నుంచి జూన్ వరకైతే ప్రాజెక్టు పని కూడా అక్కడే పూర్తి చేసుకోవచ్చు. అప్పుడు ఆ 90 వేలు చదువుకుంటూ సంపాదించినట్టు, జూలై నుంచే అసలు జీతం. డిగ్రీ చేతికొచ్చాక మొదలైతే ఆరు నెలలు నష్టం. ప్రకటనలో ఆ తేదీ లేదు. మళ్లీ ఈమెయిల్ పంపాం. ‘జనవరి’ అన్నారు. నిరుడు తీసుకున్న ఇంటర్న్‌లలో ఎందరిని ఖాయం చేశారన్న ప్రశ్నకు మాత్రం జవాబు లేదు.

బాండ్ సంగతి కూడా తేదీలతోనే ముడిపడి ఉంది. రెండో కంపెనీలో రెండేళ్లు పనిచేయాలి, మధ్యలో మానేస్తే 2 లక్షలు కట్టాలి. ఆ రెండేళ్లు లెక్కపెట్టేది ఉద్యోగం ఖాయమైన రోజు నుంచి, కనుక కట్టుబడి ఉండాల్సింది మొత్తం రెండున్నరేళ్లు. ‘బాండ్‌లు చట్టం ముందు చెల్లవు’ అని పిల్లలు ధైర్యం చెప్పుకుంటూ ఉంటారు. విజయా బ్యాంకు కేసులో మూడేళ్ల సర్వీసు, 2 లక్షల షరతు చెల్లుతాయని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అది ప్రభుత్వ బ్యాంకు కేసు, ప్రతి కంపెనీకీ యథాతథంగా వర్తించకపోవచ్చు. కానీ సంతకం పెట్టేటప్పుడు ఆ ధైర్యాన్ని నమ్ముకోవడం మంచిది కాదు.

మొదటి కంపెనీకి బాండ్ లేదు. అలాగని దిగుల్లేదనుకోవద్దు. శిక్షణ పరీక్షను మూడు ప్రయత్నాల్లో గట్టెక్కకపోతే తొలగిస్తామని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ మైసూరు కేంద్రంలో ఇలాగే మూడుసార్లు తప్పారంటూ 300 మందికి పైగా ట్రైనీలను పంపించేసింది. వారిలో చాలామంది 2022లో ఎంపికై, రెండేళ్లకు పైగా ఎదురుచూసి, 2024 అక్టోబరులో చేరినవారు. చేరిక తేదీ రాయని ఆఫర్ లెటర్‌కు ఎంత విలువ ఉంటుందో అప్పుడు అందరికీ తెలిసివచ్చింది.

నన్నడిగితే, సీఎస్ఈలో ప్రోగ్రాములు ధారాళంగా రాసే పిల్లలు రెండో దానికే వెళ్లాలి. జనవరిలో మొదలయ్యే ఇంటర్న్‌షిప్ కనుక, జూన్‌లో కాదన్నా డిగ్రీ పూర్తయ్యే నాటికి ఆరు నెలల అనుభవం చేతిలో ఉంటుంది. ఈ అమ్మాయి పరిస్థితి వేరు. ప్రోగ్రాములు నిదానంగా రాస్తుంది, ఇంట్లో విద్యారుణం ఉంది. రెండున్నరేళ్ల కట్టుబాటు కంటే మొదటి నెల నుంచి వచ్చే 25 వేలే ఆమెకు ముఖ్యం. మొదటి దానికి రాయమన్నాను.

ఎంపికైంది. ఆఫర్ లెటర్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మిఠాయి పెట్టె తెరవకముందే, ‘చేరే తేదీని కంపెనీ అవసరాన్ని బట్టి తెలియజేస్తాం’ అన్న వాక్యం చుట్టూ పెన్సిల్‌తో గీసిన సున్నా చూపించి, “దీనికి ఈమెయిల్ పెట్టాను సార్” అంది.